అమ్మ ఫోన్‌లో మొదటి పేజీ అమ్మదే కావాలి

మన హాస్టల్లో ఉండి చదువుకునే వాళ్ళకు పండగ సెలవుల్లో ఇంటికి వెళ్ళగానే ఎదురయ్యే పని ఒకటుంది. అమ్మో, నాన్నో, మేనత్తో తమ టచ్ ఫోన్ మన చేతిలో పెట్టి "ఇందులో ఏదో పోయింది, చూడు" అంటారు. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మనమే కాబట్టి ఫోన్ సంగతి కూడా మనకే తెలుసని వాళ్ళ నమ్మకం. తీసి చూస్తే చాలాసార్లు ఏమీ పోయి ఉండదు. నిన్న కింది వరుసలో ఉన్న వాట్సాప్ ఇవాళ పక్క పేజీలో ఉంటుంది. లేదా ఏదో ఒక ఫోల్డర్ లోపలికి దూరి ఉంటుంది. మనం దాన్ని బయటికి లాగి, "ఇదిగో, ఇక్కడే ఉంది కదా" అని ఇచ్చేసి మళ్ళీ హాస్టల్‌కి వచ్చేస్తాం. పది రోజులకు అది మళ్ళీ పోతుంది. ఈసారి చూపించడానికి ఇంట్లో ఎవరూ ఉండరు.

ఇలా పోవడానికి కారణం పెద్దవాళ్ళకు ఫోన్ రాకపోవడం కాదని, ఆ తెరను మనం సర్దే పద్ధతేనని మా అభిప్రాయం. చాలామందిమి మన ఫోన్ ఎలా ఉంటుందో వాళ్ళ ఫోన్ కూడా అలాగే సర్దుతాం. యాప్‌లన్నీ కట్టలు కట్టి ఫోల్డర్లలో వేస్తాం, పైన వాతావరణం విడ్జెట్ పెడతాం, వెనక మన ఫొటో పెడతాం. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ మొదటిసారి టచ్ ఫోన్ పట్టుకున్న మనిషికి ఫోల్డర్ అంటే సర్దిన అర కాదు, మూత పెట్టిన డబ్బా. లోపల ఏముందో ముందే తెలిసినవాళ్ళకే అది పనికొస్తుంది. కాబట్టి మొదటి పేజీలో ఒక్క ఫోల్డర్ కూడా ఉండకూడదంటాం. ఎందుకో, మరి ఎలా సర్దాలో వివరంగా చెబుతాం.

ముందు ఐకాన్లు ఎందుకు కదులుతాయో చూద్దాం. మన పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి బటన్ల ఫోన్ వాడారు. బటన్‌ను గట్టిగా అదిమితేనే పని జరుగుతుంది. ఆ అలవాటుతో టచ్ తెరను కూడా వేలు పెట్టి అదుముతారు, పని అయిందో లేదో అని వేలు తీయకుండా ఉంచుతారు. అయితే ఆండ్రాయిడ్ ఫోన్లలో వేలు సుమారు అర సెకను కదలకుండా ఉంటే చాలు, దాన్ని తెరవమన్న ఆజ్ఞగా కాక ఐకాన్‌ను ఎత్తి పట్టుకోమన్న ఆజ్ఞగా తీసుకుంటుంది. ఆ తర్వాత వేలు కాస్త జరిగితే ఐకాన్ కూడా జరుగుతుంది. మరో ఐకాన్ మీద వేలు ఎత్తితే ఆ రెండూ కలిసి కొత్త ఫోల్డర్ అయిపోతాయి. తెర పైకి జరిపి Remove అన్నచోట వదిలితే మాయమవుతుంది. మనిషి ఏ తప్పూ చేయలేదు, తనకు తెలిసిన పద్ధతిలో నొక్కారంతే.

దీనికి మందు సెట్టింగ్స్‌లోనే ఉంది. Accessibility లోకి వెళితే Touch and hold delay అనే మాట కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో అది Timing controls లోపలో, Interaction and dexterity లోపలో ఉంటుంది. దాన్ని Short నుంచి Long కి మార్చితే వేలు ఒకటిన్నర సెకను దాకా ఉంచినా ఫోన్ దాన్ని మామూలు నొక్కుడుగానే తీసుకుంటుంది. ఐకాన్లు సర్దడానికి ముందు ఈ ఒక్క పని చేసినా సగం గొడవ తీరుతుంది. ఇది తెలిసినవాళ్ళు మనలోనే తక్కువ.

ఇక సర్దడం. మా మిత్రురాలి ఇంట్లో చేసిన పనిని ఉదాహరణగా చెబుతాం. వాళ్ళమ్మ మిరపకోతలకు వెళుతుంది. అంకెలు బాగా చదువుతుంది, అక్షరాలు కూడబలుక్కుంటుంది. పెద్దకొడుకు కొత్త ఫోన్ కొనుక్కుని తన పాతది అమ్మకిచ్చాడు. అందులో మూడు పేజీలు, ఆరు ఫోల్డర్లు, ఎవరూ తెరవని ఆటలు ఉన్నాయి. ఏ ఐకాన్‌నూ ముట్టుకోకముందే మేము ఒక కాగితం తీసుకుని, ఆమె వారంలో ఫోన్‌తో నిజంగా ఏం చేస్తుందో అడిగి రాసుకున్నాం. నలుగురికి ఫోన్ చేస్తుంది: హాస్టల్లో ఉన్న కూతురికి, హైదరాబాదులో పనిచేసే కొడుక్కి, భర్తకు, రేపు పని ఉందో లేదో చెప్పే ముఠా మేస్త్రికి. కొడుకు వాట్సాప్‌లో పంపే మాటలు వింటుంది, వీడియో కాల్ ఎత్తుతుంది. టైము చూసుకుంటుంది. చీకట్లో లైటు వేస్తుంది. అప్పుడప్పుడు ఫొటో తీస్తుంది. బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్‌ను, కూతురి స్కాలర్‌షిప్ పని మీద వచ్చే ఓటీపీని చూసి అంకెలు చదివి చెబుతుంది. అంతే. మిగతా యాభై యాప్‌లతో ఆమెకు పని లేదు.

ఈ కాగితమే అసలు పని. తెర మీద ఏం ఉండాలో మనం ఊహించి పెడితే మన అవసరాలే పెడతాం. ఆమెను అడిగితేనే ముఠా మేస్త్రి నంబరు మొదటి పేజీలో ఉండాలని తెలుస్తుంది. ఆ ఫోన్ అందకపోతే ఆమెకు మర్నాటి కూలి పోతుంది.

తర్వాత మొదటి పేజీని ఖాళీ చేశాం. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఐకాన్‌ను పట్టుకుంటే Remove, Uninstall అని రెండు మాటలు వస్తాయి. Remove అంటే తెర మీది బొమ్మ మాత్రమే పోతుంది, యాప్ ఫోన్‌లోనే ఉంటుంది, తెరను కింది నుంచి పైకి జరిపితే వచ్చే పట్టికలో మళ్ళీ దొరుకుతుంది. Uninstall అంటే యాప్ మొత్తం పోతుంది. కొన్ని ఫోన్లలో పట్టిక విడిగా ఉండదు, యాప్‌లన్నీ హోమ్ తెర మీదే ఉంటాయి. అలాంటి ఫోన్‌లో ముందుగా హోమ్ స్క్రీన్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, యాప్‌ల పట్టిక విడిగా ఉండే పద్ధతిని ఎంచుకోవాలి. లేకపోతే అనవసరమైన వాటిని దాచే చోటే ఉండదు.

ఖాళీ తెర మీద మొట్టమొదట గడియారం విడ్జెట్ పెట్టాం. ఖాళీ చోట వేలు ఉంచితే Widgets అని వస్తుంది, అందులో గడియారాన్ని ఎంచుకుని పైన పెట్టి, అంచులు లాగి పెద్దది చేయాలి. విడ్జెట్లలో మొదటిసారి వాడేవాళ్ళకు పనికొచ్చేది ఇదొక్కటేనని మా అభిప్రాయం. వార్తలు, వాతావరణం లాంటివి తమంతట తాము మారుతూ ఉంటాయి. వేలు తగిలితే వేరే ఎక్కడికో తీసుకుపోతాయి. పైగా బ్యాటరీ ఆదా పద్ధతిలో ఉన్న ఫోన్‌లో అవి ఆగిపోయి నిన్నటి సంగతే చూపించవచ్చు. గూగుల్ వెతుకుడు పెట్టెను కూడా తీసేయడం మంచిది. కొన్ని ఫోన్లలో అది తీయడానికి రాదు, అప్పుడు దాని జోలికి పోకుండా మిగతావి దానికి దూరంగా పెట్టుకోవాలి.

గడియారం కింద నలుగురి ముఖాలు పెట్టాం. ఆ Widgets పట్టికలోనే కాంటాక్ట్స్ కింద Direct dial అని ఉంటుంది. దాన్ని తెర మీద పెట్టి మనిషిని ఎంచుకుంటే ఆ మనిషి ఫొటోతో ఒక బొమ్మ తయారవుతుంది. దాని మీద ఒక్కసారి నొక్కితే నేరుగా ఫోన్ పోతుంది. మొదటిసారి అనుమతి అడిగితే ఇవ్వాలి. దాని పక్కనే Contact అనే మరొకటి ఉంటుంది. అది నొక్కితే మనిషి వివరాల పేజీ తెరుచుకుంటుంది, మళ్ళీ అక్కడ ఫోన్ గుర్తు నొక్కాలి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి పెట్టేటప్పుడే చూసుకోవాలి.

ఫొటో లేని మనిషికి పేరులోని మొదటి అక్షరం బొమ్మగా వస్తుంది. అమ్మాయి, అన్నయ్య అని రాసుకున్న ఇంట్లో రెండు బొమ్మల మీదా 'అ' అనే ఉంటుంది. అందుకే నలుగురికీ ఫొటోలు పెట్టాం. ఫొటో కూడా దగ్గరగా, ముఖం ఒక్కటే నిండేలా తీసినది కావాలి. పెళ్ళిలో నిలబడి తీయించుకున్న నిలువెత్తు ఫొటో ఆ చిన్న గుండ్రంలో ఇమిడేసరికి ఎవరో తెలియదు. ఒక్కో వరుసకు ఇద్దరేసి, ఒకరు ఎడమ అంచున, ఒకరు కుడి అంచున. మధ్య చోటు ఖాళీగా వదిలేశాం. తెరలో ఖాళీ కనిపిస్తే ఏదో ఒకటి నింపాలనిపిస్తుంది కానీ, వేలు జారినా పక్కవాళ్ళకు ఫోన్ పోకుండా కాపాడేది ఆ ఖాళీయే.

కింది వరుస ఏ పేజీలో ఉన్నా కదలకుండా కనిపిస్తుంది కాబట్టి అందులో నాలుగు పెట్టాం: ఫోన్, మెసేజ్‌లు, కెమెరా, వాట్సాప్. ఈ వరుసకు కూడా కారణం ఉంది. చాలా ఫోన్లలో ఫోన్ గుర్తు ఆకుపచ్చగా ఉంటుంది. వాట్సాప్ గుర్తు కూడా ఆకుపచ్చే, దాని లోపల కూడా టెలిఫోన్ బొమ్మే ఉంటుంది. మనం పేరు చదువుతాం కాబట్టి తేడా తెలుస్తుంది. చదవని కంటికి అవి కవల పిల్లలు. అందుకని ఒకటి ఎడమ చివర, ఇంకొకటి కుడి చివర పెట్టాం. ఇప్పుడు ఆమె వాట్సాప్‌ను రంగుతో కాదు, చోటుతో గుర్తుపడుతుంది. చదువు రాని మనిషికి తెర మీద చోటే అక్షరం. ఆ చోటు మారిస్తే పుస్తకంలో అక్షరాలు చెరిపినట్టే.

లైటుకు మాత్రం ఆ ఫోన్‌లో తెర మీద పెట్టుకునే బొమ్మ దొరకలేదు. పై అంచు నుంచి కిందికి లాగితే వచ్చే గుర్తుల్లో ఉంటుంది. దాన్ని ఆ గుర్తుల్లో మొట్టమొదటి చోటికి జరిపి, లాగడం నాలుగుసార్లు చేయించాం. తెర వెనక పిల్లల ఫొటో ఉంది. దాని మీద బొమ్మలు కలిసిపోతున్నాయి. పిల్లల ఫొటో తీసేస్తే ఏ తల్లికైనా బాధే కాబట్టి దాన్ని లాక్ తెర మీదికి మార్చి, హోమ్ తెర వెనక ఒకే ముదురు రంగు ఉంచాం.

మరి ఫోల్డర్లు ఎక్కడ? రెండో పేజీలో. అవి ఆమె కోసం కాదు, ఆమెకు సాయం చేసేవాళ్ళ కోసం. మూడే పెట్టాం. 'డబ్బు' అనే దాంట్లో బ్యాంకు యాప్, పేమెంట్ యాప్. 'కాగితాలు' అనే దాంట్లో డిజిలాకర్ లాంటివి. 'తతిమ్మా' అనే దాంట్లో సెట్టింగ్స్, ప్లే స్టోర్. ఒక ఐకాన్‌ను ఇంకో ఐకాన్ మీద వదిలితే ఫోల్డర్ అవుతుంది, తెరిచి పేరు మీద నొక్కితే తెలుగులో రాసుకోవచ్చు. పేరు ఒక్క మాటే ఉండాలి, పొడుగైతే సగంలో తెగి చుక్కలు పడతాయి. ఒక్కో దాంట్లో నాలుగుకు మించకపోతే మంచిది. ఫోల్డర్ మూత మీద కొన్ని ఫోన్లలో లోపలి వాటిలో నాలుగు మాత్రమే చిన్నగా కనిపిస్తాయి, అయిదోది ఉందని కూడా తెలియదు. కొన్ని చవక ఫోన్లలో ఫోల్డర్ తెరవగానే అడుగున ప్రకటనల యాప్‌లు కనిపిస్తాయి. అలాంటప్పుడు ఫోల్డర్ పేరు మార్చే చోట వాటిని ఆపే మీట ఉందేమో చూసి ఆపేయాలి.

అన్నీ అయ్యాక తాళం. హోమ్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో Lock Home screen layout అనే మీట చాలా కంపెనీల ఫోన్లలో ఉంటుంది. అది వేస్తే ఐకాన్లు కదలవు, పోవు. కొన్ని ఫోన్లలో ఆ మీట లేదు, అక్కడ ముందు చెప్పిన ఒకటిన్నర సెకను ఆలస్యమే దిక్కు. కొత్త యాప్ వేస్తే దాని బొమ్మ హోమ్ తెర మీదికి వచ్చే పద్ధతిని కూడా ఆపేశాం. దీనికో నష్టం ఉంది. ఎవరో పంపిన లింకు నొక్కి తెలియని యాప్ పడితే, అది మొదటి పేజీలో కనిపించదు. కాబట్టి సెలవులకు వెళ్ళినప్పుడల్లా యాప్‌ల పట్టిక మొత్తం మనం ఒకసారి చూడాలి. ఇక వేలితో జరిపే పద్ధతి తీసేసి, కింద మూడు బటన్లు ఉండే పద్ధతి పెట్టాం. ఆమెకు నేర్పింది ఒక్కటే మాట: "అమ్మా, ఎక్కడికి పోయినా మధ్య బటన్ నొక్కు, ఇంటికొస్తావు."

సర్దాక సరిగ్గా ఉందో లేదో తెలుసుకునే పద్ధతి తేలికే. ఫోన్ ఆమె చేతికిచ్చి, "అన్నకి ఫోన్ చెయ్యమ్మా" అని ఊరుకోవాలి. వేలు పెట్టి చూపకూడదు. వేలు తిన్నగా వెళ్ళిందా, గాలిలో ఆగి వెతుక్కుందా అని చూడాలి. ఆ అమ్మ నాలుగింటిలో మూడు వెంటనే పట్టుకుంది. మేస్త్రి దగ్గర ఆగింది. "ఇతను టోపీ లేకుండా ఎవరో అనుకున్నా" అంది. టోపీ పెట్టుకున్న ఫొటో పెడితే సరిపోయింది. మార్పులేవైనా ఆ ఒకటి రెండు రోజుల్లోనే చేయాలి. వేలికి దారి అలవాటయ్యాక మనకు ఇంకా బాగున్న పద్ధతి తోచినా ముట్టుకోకూడదు.

ఈ పద్ధతికి లోపాలు లేకపోలేదు. Direct dial బొమ్మ ఒక్క నొక్కుతో పలుకుతుంది కాబట్టి, తెర ఆరకముందే ఫోన్‌ను సంచిలో వేసుకుంటే ఎవరికో ఫోన్ పోవచ్చు. పక్క బటన్ నొక్కి తెర ఆర్పడం కూడా నేర్పాలి. అయినా అలా పోతుంటే ఆ బొమ్మ స్థానంలో Contact బొమ్మ పెట్టాలి, రెండు నొక్కులైనా పొరపాట్లు తగ్గుతాయి. ఎవరి నంబరైనా మారితే పాత బొమ్మ తీసేసి కొత్తగా పెట్టి, ఒకసారి మోగించి చూడాలి. ఐకాన్లు, అక్షరాలు మరీ పెద్దవి చేస్తే పేర్లు తెగిపోతాయి, కొన్ని ఫోన్లలో వరుసలు కూడా తగ్గుతాయి. కాబట్టి అక్షరాల సైజు ముందు ఖాయం చేసుకుని తర్వాతే సర్దాలి.

"ఇంత శ్రమ దేనికి, ఫోన్లలో ఈజీ మోడ్ ఉందిగా" అని మా మిత్రులు కొందరు అన్నారు. ఉంది. బొమ్మలు పెద్దవవుతాయి, చూపు ఆనని వాళ్ళకు అది మేలే. కానీ ఏ బొమ్మలు ఉండాలో అది మన అమ్మను అడగదు. మేస్త్రి ముఖం అందులో దానంతట రాదు. ఈజీ మోడ్ పెట్టినా ఆ కాగితం రాయక తప్పదు.

ఇంకొందరు, "ఇలా ఎనిమిది బొమ్మలకే కట్టేస్తే వాళ్ళు ఎప్పటికీ నేర్చుకోరు" అన్నారు. ఈ మాటలో నిజం ఉంది కాబట్టి జవాబు చెప్పాలి. మొదటి పేజీ ఎనిమిదితో మొదలవ్వాలంటున్నాం కానీ అక్కడే ఆగిపోవాలనడం లేదు. ఆమె అడిగినప్పుడు తొమ్మిదోది పెట్టాలి. పాతవాటిని కదపకుండా ఖాళీ చోట పెట్టాలి. ఆ అమ్మ నెలన్నర తర్వాత కూతురికి ఫోన్ చేసి, "ఫొటోలు చూసే బొమ్మ కూడా ముందుకు తెచ్చి పెట్టు తల్లీ" అని అడిగింది. అడగగలిగిందంటే ఆ తెర తనదని అనుకుందన్నమాట. యాభై బొమ్మల తెర ముందు మనిషి ఏమీ అడగడు, పక్కింటి పిల్లాడి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడు. ఆ పక్కింటి పిల్లాడికే ఓటీపీ కూడా చదివి వినిపిస్తాడు.

కాబట్టి ఈ సంచిక చదువుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, ఉద్యోగాల్లో ఉండి ఇంటికి కొత్త ఫోన్లు కొనిస్తున్న పూర్వ విద్యార్థులకు మేము చెప్పేది ఇదే. ఫోన్ ఇచ్చేటప్పుడు ఒక పూట దాని కోసం ఉంచండి. ముందు కాగితం, తర్వాత వేలి ఆలస్యం, తర్వాత ముఖాలు, చివర తాళం. ఫోల్డర్లు ఎన్ని కావాలన్నా రెండో పేజీలో పెట్టుకోండి.